మెకాంకీ ప్లేటు మీద నుంచి చేసిన ఆక్సిడేస్ పరీక్ష: నా అనుభవం

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాదిలో, భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల నీటిలో ఉండే పేగు బ్యాక్టీరియాను వేరుచేసి గుర్తించడం నా ప్రాజెక్టు. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయలుదేరిన పశ్చిమ డెల్టా కాలువల నీరు ఊళ్ల మీదుగా, పశువుల రేవుల మీదుగా సాగి చివరికి ఈ చెరువుల్లోకి చేరుతుంది కనుక, అందులో కోలిఫారాలు దొరకడంలో వింతేమీ లేదు. నమూనాల్లో ఒకటి మా మావయ్య చెరువుది. ఆయన చెరువులో కొన్ని రోహు చేపలకు పొలుసుల కింద ఎర్రటి పుండ్లు కనిపిస్తున్నాయి.

ఒక్కో నమూనాను పలుచన చేసి, 0.1 మిల్లీలీటరు చొప్పున, పేగు బ్యాక్టీరియాను పెంచడానికి వాడే మెకాంకీ అగార్ అనే మాధ్యమం మీద పరిచి, 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచాను. లాక్టోజును పులియబెట్టిన కాలనీలు గులాబీ రంగులో వచ్చాయి. వాటిలో 14 కాలనీలను ఎంచుకుని, మళ్లీ మెకాంకీ మీదనే గీసి శుద్ధి చేసి, ఆ ప్లేట్లనే పరీక్షలన్నిటికీ మూలంగా పెట్టుకున్నాను. నా పొరపాటు ఇక్కడే మొదలైంది, అయితే అది తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది.

గ్రామ్ రంజనంలో 14కు 14 గ్రామ్ నెగటివ్ కడ్డీలే. కెటలేస్ పరీక్షలో, గాజు పలక మీద ఉంచిన కాలనీ మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క పడగానే అన్నిటికీ బుడగలు వచ్చాయి. పేగు బ్యాక్టీరియాలో దాదాపు అన్నీ కెటలేస్ పాజిటివే కనుక, ఈ కుటుంబం లోపల ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేయడానికి ఆ బుడగలు పెద్దగా పనికిరావు.

ఇండోల్ పరీక్ష మొదటిసారి పూర్తిగా విఫలమైంది. ట్రిప్టోన్ నీటిలో ఒక రోజు పెంచిన తరువాత కోవాక్స్ రీజెంటు అర మిల్లీలీటరు వేస్తే, ట్రిప్టోఫాన్‌ను విడగొట్టగల బ్యాక్టీరియా ఉన్న గొట్టంలో పైన చెర్రీ ఎరుపు వలయం కట్టాలి. నా గొట్టాల్లో ఒక్కదానిలోనూ ఎరుపు రాలేదు. ఫలితం ముందే తెలిసినదని సరిచూసుకోవడానికి కంట్రోల్‌గా పెట్టిన ఈ. కోలి గొట్టంలో కూడా పసుపు వలయమే కట్టింది. ఈ. కోలికి ఎరుపు రాకపోవడం చాలా అరుదు కనుక తప్పు బ్యాక్టీరియాది కాదని వెంటనే అర్థమైంది. డబ్బా తిప్పి చూస్తే, నేను వాడినది ఆమ్లంతో విడగొట్టిన కేసిన్ పొడి. ఆమ్లంతో విడగొట్టినప్పుడు ప్రోటీన్‌లోని ట్రిప్టోఫాన్ నశిస్తుంది, ట్రిప్టోఫాన్ లేనిచోట ఇండోల్ పుట్టదు. ఎంజైముతో విడగొట్టిన ట్రిప్టోన్ తెచ్చి చేస్తే మరునాడే కంట్రోల్ ఎర్రబడింది. ఈ సంఘటనతో కంట్రోల్ సరిగా వస్తే ఫలితం కూడా సరైనదేనన్న నమ్మకం నాలో బలపడిపోయింది.

బ్యాక్టీరియాలో ఆక్సిడేస్ అనే ఎంజైము ఉందో లేదో చూసే పరీక్షకు కూడా కంట్రోళ్లు పెట్టాను. ఈ పరీక్షకు వాడే టెట్రామిథైల్ పారా ఫినిలీన్ డయమిన్ 1 శాతం ద్రావణం గాలి తగిలితే తనంతట తానే ఊదా రంగుకు తిరుగుతుంది. మా దగ్గర జూలై ఉక్కలో అది మరీ తొందరగా పాడవుతుంది కాబట్టి, ఏ రోజుకు ఆ రోజు చిటికెడు కలిపి, చీకటి సీసాలో పెట్టి వాడేదాన్ని. వడపోత కాగితాన్ని ఆ ద్రావణంతో తడిపి, కాలనీని దాని మీద రుద్ది, 10 సెకన్లలో ముదురు ఊదా వస్తే పాజిటివ్ అని, ఆ తరువాత నెమ్మదిగా వచ్చే రంగును నమ్మకూడదని నాకు తెలుసు. నిక్రోమ్ లూప్ వాడితే దానిలోని ఇనుము వల్ల లేని రంగు పుడుతుందని కూడా తెలుసు కనుక, శుద్ధిచేసిన పుల్లలనే వాడాను. నెగటివ్ కంట్రోల్‌గా పెట్టిన ఈ. కోలికి రంగు రాలేదు, పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టిన సూడోమొనాస్ ఎరుజినోసాకు క్షణాల్లో ఊదా వచ్చింది. నా 14 కాలనీల్లో ఒక్కదానికీ రంగు రాలేదు. పేగు బ్యాక్టీరియా కుటుంబానికి సైటోక్రోమ్ సి ఆక్సిడేస్ ఉండదు కాబట్టి ఇది నేను ఎదురుచూసిన ఫలితమే. అనుమానించడానికి కారణమేమీ కనిపించలేదు.

చిక్కు మావయ్య చెరువు నుంచి తీసిన 9వ నంబరు దగ్గర వచ్చింది. దానికి ఇండోల్ పాజిటివ్. సిట్రేట్‌ను ఆహారంగా వాడుకోగలదా అని చూసే సిమ్మన్స్ సిట్రేట్ స్లాంటు రెండో రోజుకు ఆకుపచ్చ నుంచి నీలానికి తిరిగింది. ఇండోల్ ఉన్నా సిట్రేట్ కూడా వచ్చింది కనుక అది ఈ. కోలి కాదు. మొదట సిట్రేట్‌నే అనుమానించాను. లూప్ నిండా కాలనీ తీసి పూస్తే దానితోపాటు వెళ్లిన పోషకాలే కొంత పెరుగుదలకు సరిపోతాయి, అప్పుడు రంగు చదవడం కష్టమవుతుంది. అందుకని సూది మొనతో కొద్దిగా మాత్రమే ముట్టుకుని, మిగతా మాధ్యమాలకంటే ముందు సిట్రేట్‌కే గీత గీసి, మూత వదులుగా పెట్టి మళ్లీ చేశాను. ఈ. కోలి స్లాంటు పచ్చగానే నిలిచింది, 9వ నంబరు మళ్లీ నీలమే అయింది.

చక్కెర నుంచి ఎసిటోయిన్ పుడుతుందా అని చూసే వోగెస్ ప్రోస్కౌర్ పరీక్ష కూడా పాజిటివ్ రావడంతో, ఇండోల్, సిట్రేట్, వోగెస్ ప్రోస్కౌర్ మూడూ ఉన్న క్లెబ్సియెల్లా ఆక్సిటోకా అని పుస్తకంలో రాసేసుకున్నాను. కానీ క్లెబ్సియెల్లాకు చలనం ఉండదు, నా 9వ నంబరు మెత్తటి అగార్‌లో గుచ్చిన గీత నుంచి మబ్బులాగా అన్ని వైపులకూ పాకింది. చలనం ఉండి, ఇండోల్, సిట్రేట్ పాజిటివ్‌గా ఉండే సిట్రోబాక్టర్ కోసెరి అందామంటే దానికి వోగెస్ ప్రోస్కౌర్ నెగటివ్. ఏ పేరు పెట్టినా ఒక పరీక్ష అడ్డం తిరుగుతోంది. రెండు రోజులు చలన పరీక్షనే అనుమానించి మూడుసార్లు చేశాను. మనకు నచ్చిన పేరుకు అడ్డొచ్చిన పరీక్షనే ముందు తప్పుపట్టడం నాకు బాగా అలవాటైంది.

చివరికి పట్టిక మొత్తం పట్టుకుని మా ల్యాబ్ టెక్నీషియన్ గారి దగ్గరికి వెళ్లాను. ఆమె ఇండోల్ గడినీ సిట్రేట్ గడినీ చూడనే లేదు.

"ఆక్సిడేస్ ఏ ప్లేటు మీద నుంచి చేశావమ్మా?"

"మెకాంకీ మీద నుంచేనండి. అయినా కంట్రోళ్లు రెండూ సరిగానే వచ్చాయండి."

"సూడోమొనాస్ మెకాంకీ మీద ఏ రంగులో ఉంది?"

"రంగు లేకుండానే ఉందండి."

"మరి నీ తొమ్మిదో నంబరు?"

గులాబీ రంగు అని చెబుతుండగానే నాకు విషయం తట్టింది. మెకాంకీలో ఉండే న్యూట్రల్ రెడ్ ఆమ్లం పుట్టినప్పుడే గులాబీ రంగుకు తిరుగుతుంది. అంటే ఆ కాలనీ తాను పుట్టించిన ఆమ్లంలోనే రాత్రంతా కూర్చుంది. పీహెచ్ అంతగా పడిపోయిన చోట, ఆక్సిడేస్ ఉన్న బ్యాక్టీరియా కూడా రంగు చూపకపోవచ్చు. సూడోమొనాస్ లాక్టోజును ముట్టుకోదు కనుక దాని కాలనీ దగ్గర ఆమ్లం లేదు, అందుకే మెకాంకీ మీద నుంచి తీసినా దానికి ఊదా వచ్చింది. ఈ. కోలికి అసలు ఆ ఎంజైమే లేదు కనుక ఏ ప్లేటు నుంచి తీసినా రంగు రాదు. నా కంట్రోళ్లు రెండూ రీజెంటు బాగుందని మాత్రమే చెప్పగలవు, ఆమ్లం వల్ల వచ్చే తప్పును పట్టుకునే శక్తి వాటికి లేదు.

అదే రోజు సాయంత్రం 9వ నంబరును ఒకేసారి రెండు ప్లేట్ల మీద గీశాను. ఒకటి మెకాంకీ, రెండోది చక్కెర ఏమీ కలపని న్యూట్రియెంట్ అగార్. మరునాడు ఉదయం ఒకే సీసాలోని రీజెంటుతో, ఒకే కాగితం మీద పక్కపక్కన రుద్దాను. మెకాంకీ నుంచి తీసినదానికి 10 సెకన్లకూ ఏమీ రాలేదు. న్యూట్రియెంట్ అగార్ నుంచి తీసినది 5 అంకెలు లెక్కపెట్టేలోపే నేరేడు పండు రంగుకు వచ్చింది. కాగితం ఆరకముందే ఫోటో తీసుకున్నాను, కాసేపటికి కాగితమంతా నల్లబడిపోతుంది మరి.

ఆక్సిడేస్ పాజిటివ్ అని తేలగానే అడ్డం తిరిగిన పరీక్షలన్నీ ఒక వరుసలోకి వచ్చాయి. చలనం ఉండి, ఇండోల్, వోగెస్ ప్రోస్కౌర్ పాజిటివ్‌గా ఉండి, చక్కెరలను పులియబెట్టగల, మంచినీటి చెరువుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా ఏరోమొనాస్. అందులో కొన్ని రకాలు లాక్టోజును కూడా పులియబెట్టి, మెకాంకీ మీద అచ్చం కోలిఫారంలాగే గులాబీ రంగులో కనిపిస్తాయి. సిట్రేట్ విషయంలో ఒక్కో రకం ఒక్కోలా ఉంటుంది కనుక, నా నీలం స్లాంటు దాన్ని బలపరచదు, కాదనదు.

అయితే ఆక్సిడేస్ పాజిటివ్ అయినంత మాత్రాన ఏరోమొనాస్ అనడానికి లేదు, విబ్రియో కూడా అలాగే ఉంటుంది. మంచినీటిలోనూ చేపల్లోనూ దొరికే ప్లీసియోమొనాస్‌దీ అదే తీరు, పైగా పేగు బ్యాక్టీరియా కుటుంబానికి దగ్గరదై ఉండి కూడా అది ఆక్సిడేస్ చూపిస్తుంది. అందుకని ఉప్పు కలపని రసంలోనూ, 6 శాతం ఉప్పు ఉన్న రసంలోనూ పెంచి చూశాను. ఉప్పు లేనిచోట చక్కగా పెరిగింది, 6 శాతంలో రసం తేటగానే ఉండిపోయింది. ఉప్పు లేకుండా పెరగని విబ్రియోలను అది పక్కకు తప్పించింది. డీఎన్ఏ కలిపిన అగార్ మీద పెంచి పైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే కాలనీ చుట్టూ తేట వలయం ఏర్పడింది. ప్లీసియోమొనాస్‌కు డీఎన్ఏను విడగొట్టే శక్తి లేదు, వోగెస్ ప్రోస్కౌర్ కూడా నెగటివే కనుక అదీ తప్పుకుంది. జాతి పేరు మాత్రం ఖాయంగా రాయలేదు. ఏరోమొనాస్‌లో దగ్గరి జాతులను గొట్టాల పరీక్షలతో విడదీయడం కుదరదు, దానికి జన్యు క్రమం చూడాలి. అందుకని పట్టికలో ఏరోమొనాస్ హైడ్రోఫిలా సమూహం అని మాత్రమే రాశాను.

మిగిలిన 13 కాలనీలను కూడా న్యూట్రియెంట్ అగార్ మీదికి మార్చి ఆక్సిడేస్ మళ్లీ చేశాను. మరో రెండిటికి ఊదా వచ్చింది. ఆ రెండిటిలో ఒకటి, ఇండోల్ పాజిటివ్, సిట్రేట్ నెగటివ్ అని ఎప్పుడో ఈ. కోలిగా రాసి పక్కన పెట్టేసినది. 9వ నంబరు కనీసం ఎక్కడో అడ్డం తిరిగింది, ఇదైతే ఏ గడిలోనూ తేడా చూపకుండా తప్పు పేరుతోనే నివేదికలోకి వెళ్లిపోయేది.

ఆ తరువాత పట్టికలో ఆక్సిడేస్ గడి పక్కన, కాలనీని ఏ మాధ్యమం నుంచి తీశానో రాసుకోవడానికి ఇంకో గడి గీశాను. కంట్రోళ్ల వరుసలో మూడోదిగా 9వ నంబరునే చేర్చి, న్యూట్రియెంట్ అగార్ మీద పెంచి పెట్టుకున్నాను.

మావయ్య ఫోన్ చేసి, "ఇంతకీ పుండ్లకు కారణం అదేనా అమ్మాయ్?" అని అడిగారు. ఏరోమొనాస్ ఆరోగ్యంగా ఉన్న చెరువు నీటిలోనూ ఉంటుందని, నేను తీసినది నీరే గాని పుండు నుంచి తీసిన నమూనా కాదని, కనుక నీటిలో ఉందని మాత్రమే చెప్పగలనని అన్నాను. ఈసారి వల వేసినప్పుడు పుండు ఉన్న చేపలను బతికుండగానే తెచ్చి ఇస్తానన్నారు.