గీత జారింది ఆ సీన్ దగ్గరే

నేను ఎడిట్ చేసిన షార్ట్ ఫిల్మ్‌లో నాకు ప్రాణమైన సీన్ ఒకటుంది. కొడుకు రైలెక్కి వెళ్లిపోయాక తండ్రి ఇంటికొచ్చి వాడి పాత చెప్పులు గోడ పక్కన సర్ది పెడతాడు. 40 సెకన్లు. మాట లేదు, కట్ లేదు. యూట్యూబ్‌లో ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ తెరిస్తే గీత అక్కడే జారిపోయి ఉంది. "తీసేద్దామా?" అన్నాడు డైరెక్టర్. గుండె కలుక్కుమంది.

తీసే ముందు ఆ చోటు నెమ్మదిగా జరుపుతూ చూశాను. చెప్పుల షాట్ మొదలయ్యేది 7:52కి. గీత జారడం మొదలైంది 7:40కే! అంటే వెళ్లిపోయినవాళ్లలో చాలామంది అసలు ఆ సీనే చూడలేదు. ఆ మధ్యలో ఏముందంటే, రైలు కదులుతుంది, మ్యూజిక్ ముగుస్తుంది, తెర నల్లబడుతుంది. ఎవరికైనా సినిమా అయిపోయిందనే అనిపిస్తుంది. నలుపు దాటి ఉండిపోయినవాళ్ల గీత మాత్రం చెప్పుల సీన్ పొడవునా దాదాపు సమంగా సాగింది. సీనే విసుగు పుట్టిస్తే గీత అందులోనే మెల్లగా కిందికి దిగుతూ ఉండేది.

అందుకే నలుపు తీసేశాను. మ్యూజిక్‌ను ముగియనివ్వకుండా, రైలు చప్పుడును తండ్రి గుమ్మం దాకా లాగాను. యూట్యూబ్‌లో అప్‌లోడైన వీడియోను అదే లింకులో కొత్త ఫైల్‌తో మార్చలేం కాబట్టి, ఈ కట్ మళ్లీ విడిగా పెట్టాలి. డైరెక్టర్‌కు ఇంకా టెన్షనే. నాకు మాత్రం ఆ 40 సెకన్లలో ఒక్క ఫ్రేమ్ కూడా తగ్గించాలని లేదు.