180 వాట్లు ఎక్కడికి పోయాయి?

చలికాలమంతా ఒకే లెక్క మీద సైకిల్ తొక్కాను. కదలకుండా ఒకచోటే ఉండే సైకిల్, తొక్కుడు బలాన్ని వాట్లలో చూపే మీటర్, గుండె వేగం కొలవడానికి ఛాతీకి ఒక పట్టీ. గంటసేపు 180 వాట్లు అలవోకగా లాగేవాణ్ణి. ఎండలు ముదిరాక అదే గదిలో, అదే 180 వాట్లు నలభయ్యో నిమిషానికల్లా గుదిబండ అయ్యాయి. తిండి చాలడం లేదనుకున్నాను, నిద్ర చాలడం లేదనుకున్నాను. ఆఖరికి నెపం వయసు మీదకు కూడా నెట్టాను.

ఊహలు మానేసి కొలుద్దామని కూర్చున్నాను. గదిలో 34 డిగ్రీలు, ఉక్కపోత, ఫ్యాన్ లేదు. మొదటి రోజు ఏమైనా సరే 180 వాట్లు తగ్గనివ్వకూడదని పట్టుబట్టాను. పదో నిమిషంలో గుండె నిమిషానికి 138 సార్లు కొట్టుకుంది. గంట చివరికి 162. తొక్కుడు బలం పిసరంత పెరగలేదు, గుండె మాత్రం పరుగు పెంచుకుంటూనే పోయింది.

రెండో రోజు తిరగేశాను. గుండె వేగాన్ని 140 దగ్గర కట్టేసి, వాట్లను వాటి దారిన వదిలేశాను. 180తో మొదలైంది, అరగంటకు 165, గంటకు 142. ఒక్కసారిగా కూలిపోవడం లేదు. రెండు మూడు నిమిషాలకోసారి ఒకటో రెండో వాట్లు జారిపోతున్నాయి. మీటర్ లేకపోతే ఈ జారుడు నాకు తెలిసేదే కాదు. కాళ్లకు మొదటి నిమిషంలో ఎంత కష్టంగా ఉందో అరవయ్యో నిమిషంలోనూ దాదాపు అంతే.

ఆ రోజు తొక్కడానికి ముందూ తర్వాతా ఒళ్లు పొడిగా తుడుచుకుని తూగాను. ముందు 70.2 కిలోలు, తర్వాత 69.1. మధ్యలో 400 మిల్లీలీటర్ల నీళ్లు తాగాను, మూత్రానికి వెళ్లలేదు. అంటే పోయిన చెమట ఒకటిన్నర లీటర్లు. తాగింది పోను శరీరానికి మిగిలిన లోటు బరువులో ఒకటిన్నర శాతం. ఇంత చిన్న లోటుకు ఇంత దెబ్బా అని నాకు నమ్మబుద్ధి కాలేదు.

లెక్క వేస్తే కాస్త అర్థమైంది. కండరం ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతో, నాలుగో వంతో మాత్రమే పెడల్‌కు చేరుతుంది. మిగతాదంతా వేడి. నేను 180 వాట్లు తొక్కుతుంటే ఒంట్లో దాదాపు 600 వాట్ల వేడి పుడుతోందన్నమాట, చిన్న హీటర్ మింగి కూర్చున్నట్టు. ఆ వేడి బయటికి పోయే దారే లేకపోతే నా ఒళ్లు ఏడు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున కాగిపోతుంది. చర్మం మీంచి ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. ఆ లెక్కన గంటకు 900 మిల్లీలీటర్లు ఆవిరైతే నాకు సరిపోవాలి. పోయింది ఒకటిన్నర లీటర్లు. మరి మిగతాది? సైకిల్ కింద మడుగు కట్టింది. కారి కింద పడ్డ చెమట ఒంటిని చల్లబరచదు, నీటిని మాత్రం పట్టుకుపోతుంది. ఉక్కలో జరిగే అన్యాయం ఇదే.

ఇక రక్తం సంగతి. కాళ్లకు ఆక్సిజన్ కోసం రక్తం కావాలి, లోపలి వేడిని బయటికి మోయడానికి చర్మానికీ రక్తమే కావాలి. చెమటగా పోయే నీటిలో కొంత రక్తంలోని ద్రవం నుంచే వస్తుంది. ఉన్న రక్తం తగ్గుతోంది, వాటా అడిగేవాళ్లు ఇద్దరయ్యారు. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గేసరికి ఒక్కో కొట్టుడుకు అది నెట్టగలిగేదీ తగ్గుతుంది. ఆ లోటును వేగంతో పూడుస్తుంది. మొదటి రోజు చూసిన 162 అదే. రెండో రోజు నేను ఆ వేగం పెరగనివ్వలేదు, కాబట్టి బిల్లు కాళ్లు కట్టాయి.

అయితే ఒక విషయం నన్ను తికమక పెట్టింది. మరో రోజు అలాగే గంట తొక్కి, వాట్లు 140లకు పడిపోయాక, విసుగొచ్చి ఆరు సెకన్ల పాటు ఉన్న బలమంతా పెట్టి తొక్కేశాను. మీటర్‌లో చలికాలం నాటి అంకెకు దగ్గరదే కనబడింది! అంటే కండరం చచ్చిపోలేదు. తర్వాత చదివితే తెలిసింది, నైబో, నీల్సెన్ అనే పరిశోధకులు 2001లో దీన్ని ప్రయోగంలో చూశారు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలకు చేరినవాళ్ల చేత మోకాలి కండరాన్ని రెండు నిమిషాలు బిగబట్టించారు. బలం త్వరగా జారిపోయింది. అదే సమయంలో కరెంటు ప్రేరణ ఇచ్చి చూస్తే కండరంలో ఇంకా సత్తువ మిగిలే ఉంది. మెదడు నుంచి అందే ఆజ్ఞే పలచబడింది. క్షణకాలపు బలానికి వేడి పెద్దగా అడ్డు రాదు, పట్టి ఉంచాల్సిన బలానికే వస్తుంది.

విరుగుడుగా ముందు నీళ్లనే నమ్మాను. ఒక రోజు గంటలో ఒక లీటరు, కాస్త ఉప్పు కలిపి, పావుగంటకోసారి తాగాను. కడుపు కుండలా కదిలింది గానీ చివరి అంకె 142 నుంచి 150కే ఎక్కింది. ఇంకో రోజు నీళ్లు 400 మిల్లీలీటర్లే ఉంచి పెద్ద ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. గంట చివర 164! కింద మడుగు లేదు, పోయిన చెమట కూడా తగ్గింది. రెండూ కలిపితే 168. నీళ్లు లోటును పూడుస్తాయి, గాలి ఆ లోటు పడకుండానే చూస్తుంది. అయితే గాలే చర్మం కంటే వేడిగా ఉంటే, చెమట చాలినంత లేకపోతే, ఫ్యాన్ వేడిని ఎదురు తెచ్చి పోస్తుంది. నా గదిలో 34 కాబట్టి బతికిపోయాను.

ఒకసారి అతి చేశాను. ఫ్యాన్ తీసేసి 180 వాట్లతో గంట దాటించబోయాను. డెబ్బయ్యో నిమిషంలో ఆ వేడిలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని చలేసింది, తల దిమ్మెక్కింది. వెంటనే దిగిపోయి మెడ మీద, చంకల్లో చల్లనీళ్లు పోసుకున్నాను. మా తమ్ముడు పేరు, రోజు, వారం అడిగితే తడుముకోకుండా చెప్పగలిగాను. అదే అయోమయంగా మాట్లాడి ఉంటే అది వడదెబ్బ. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, వచ్చేలోగా మనిషిని చల్లటి నీళ్లలో ముంచాల్సిందే. చెమట పడుతోంది కదా, ఇది వడదెబ్బ కాదులే అనుకోకూడదు. వ్యాయామంలో తగిలే వడదెబ్బకు చెమట ఆగిపోవాలనేం లేదు.

ఆ తర్వాత రెండు వారాల పాటు వాట్లు తగ్గించి, రోజూ గంట చొప్పున, ఫ్యాన్ లేకుండా తొక్కాను. వేడికి ఒళ్లు అలవాటు పడితే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. పన్నెండో రోజు గుండె వేగం 140కి కట్టి మళ్లీ కొలిచాను. గంట చివర 157 వాట్లు. తూకం చూస్తే ఆ గంటలో పోయిన చెమట 1.8 లీటర్లు, మొదటి రోజుల కంటే ఎక్కువే. కింద మడుగూ పెద్దదైంది. ఇప్పుడు గుడ్డతో పాటు రెండో సీసా నీళ్లు కూడా పక్కన పెట్టుకుంటున్నాను.