72 రూల్ నా మార్కు ఎలా తినేసిందంటే

నిన్న రిజల్ట్ వచ్చింది, లిస్టులో నా నంబర్ ఉంది. మూడుసార్లు చూసుకున్నాకే నమ్మకం కుదిరింది. ఏం చదివావు, ఎన్ని గంటలు చదివావు అని చాలామంది అడుగుతున్నారు. రీజనింగ్, ఇంగ్లిష్ అందరిలాగే చదివాను, కొత్తగా చెప్పడానికేం లేదు. నేను చెప్పాలనుకుంటున్నది పోయినసారి నన్ను ముంచిన ఒక్క బిట్ గురించి.

అప్పుడు కటాఫ్‌కి 0.75 మార్కు తక్కువై ఆగిపోయాను. ఆ బిట్ ఇది: 12 శాతం చక్రవడ్డీకి ఇచ్చిన సొమ్ము రెట్టింపు దాటాలంటే కనీసం ఎన్ని పూర్తి సంవత్సరాలు పడుతుంది? ఆప్షన్లు 5, 6, 7, 8. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము రెట్టింపయ్యే ఏళ్ళు సుమారుగా వస్తాయనేది 72 రూల్. 72ని 12తో భాగిస్తే 6. పది సెకన్లలో 6 పెట్టేసి, టైమ్ మిగిలిందని సంబరపడ్డాను కూడా. సరైన జవాబు 7. రావాల్సిన ఒక మార్కు పోయింది, నెగెటివ్ మరో పావు లాగేసింది. లెక్క రాక పోయిన మార్కు కాదిది, రూల్‌ని మరీ నమ్మినందుకు పోయింది. ఈ మాట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదనుకోండి.

10,000తో చేసి చూడండి. 12 శాతానికి ఆరేళ్ళ తర్వాత అయ్యేది 19,738. రెట్టింపుకి ఇంకా 262 తక్కువ. సుమారుగా చెప్పమంటే ఆరేళ్ళు మంచి జవాబే, అసలు లెక్క 6.12 ఏళ్ళు. కానీ అడిగింది పూర్తి సంవత్సరాలు. ఆ కాస్త తేడా మనల్ని ఏడో ఏడాదిలోకి నెట్టేస్తుంది.

ఈ తేడా ఎందుకు వస్తుందో అర్థమయ్యాక ఇక భయం లేదు. రెట్టింపు కాలానికి అసలు సూత్రం ఇది:

```
t = ln 2 / ln(1 + r/100)
```

ఇందులో t ఏళ్ళు, r వడ్డీ రేటు, ln అంటే సహజ లాగరిథమ్; ln 2 విలువ 0.693. వడ్డీ క్షణక్షణం కలుస్తూ ఉంటే 69.3ని రేటుతో భాగిస్తే సరిగ్గా సరిపోతుంది. ఏడాదికోసారి కలిసే వడ్డీకి ఆ పై సంఖ్య కాస్త పెరగాలి, రేటు పెరిగేకొద్దీ ఇంకా పెరగాలి. అది 72 అయ్యేది దాదాపు 7.85 శాతం దగ్గర. అంతకన్నా తక్కువ రేటుకి మన రూల్ కాలాన్ని కొంచెం ఎక్కువ చెబుతుంది, ఎక్కువ రేటుకి తక్కువ చెబుతుంది. 2 శాతానికి రూల్ 36 ఏళ్ళు అంటుంది, నిజానికి దాదాపు 35. 24 శాతానికి 3 ఏళ్ళు అంటుంది, నిజానికి 3.22. మరి 72నే ఎందుకు పట్టుకున్నారంటే 2, 3, 4, 6, 8, 9, 12 అన్నిటితోనూ నిశ్శేషంగా పోతుంది కాబట్టి. 1494లో ఇటలీ గణితవేత్త లూకా పచోలీ తన పుస్తకంలో ఈ రూల్ రాశాడు. లాగరిథమ్‌లు అచ్చులోకి వచ్చింది 1614లో!

పేపర్ సెట్ చేసేవాళ్ళు ఇష్టపడేవీ 72 నిశ్శేషంగా పోయే రేట్లే. 8, 9, 12, 18, 24 కనబడితే ఆగండి. ఇవన్నీ 7.85కి పైనే ఉన్నాయి, అంటే రూల్ చెప్పిన ఏడాదికి సొమ్ము ఇంకా రెట్టింపు కాదు. 8 శాతం దగ్గర రూల్ చాలా కచ్చితం అంటారు కదా, అక్కడ కూడా తొమ్మిదేళ్ళకి 10,000 అయ్యేది 19,990. పది తక్కువ! పూర్తి సంవత్సరాలు అడిగితే జవాబు 10. అదే 6 శాతమైతే పన్నెండేళ్ళకి 20,122 అవుతుంది, 12 పెట్టుకోవచ్చు.

మొత్తం గుణించే ఓపిక లేకపోతే సగం కాలానికి చూడండి. రెండుకి వర్గమూలం 1.414. సగం ఏళ్ళలో సొమ్ము అంతకన్నా తక్కువ రెట్లు అయితే పూర్తి కాలానికి రెట్టింపు కాదు. 12 శాతానికి మూడేళ్ళలో 1.405 రెట్లు. చాలదు. ఇరవై సెకన్ల పని, అప్పుడు నేను చెయ్యనిది.

ఆప్షన్లలో 3.0, 3.2 లాంటివి ఉంటే ఇంకో చిట్కా: రేటు 8కి పైన ప్రతి 3 శాతానికి 72కి ఒకటి కలపండి, కిందకైతే తీసేయండి. 24 శాతానికి 77.33 వస్తుంది, 24తో భాగిస్తే 3.22. ఒకటి మర్చిపోవద్దు, ఇదంతా చక్రవడ్డీకే. బారువడ్డీ అయితే 100ని రేటుతో భాగించడమే. ఆ తొందరలో దీనికీ 72 వాడేసిన వాళ్ళున్నారు, మొదట్లో నేనూ వాడాను.

ఈసారి పేపర్‌లో అదే మోడల్ వచ్చింది, 18 శాతంతో. ఆప్షన్లలో 4 కనిపించగానే చెయ్యి దానిమీదకే పోయింది. ఆపుకుని రెండేళ్ళకి వేశాను: 1.18ని 1.18తో గుణిస్తే 1.3924. 1.414కి చాల్లేదు. 5 పెట్టి తర్వాతి బిట్‌కి వెళ్ళిపోయాను.