27 లక్షల్లో సగం 13.5 లక్షలు కాదు: మా పైపుల షాపు పంపకం

అనంతపురంలో మాకు బోరు మోటార్లు, పైపులు, కేబుల్ అమ్మే షాపు ఉండేది. 2013లో ఇద్దరం సగం సగం వాటాతో పెట్టాం. మా పార్ట్‌నర్ నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, నేను అన్నా అంటాను. 2024 ఫిబ్రవరిలో ఒకరోజు షట్టర్ దించేటప్పుడు, "ఇంక నా చేత కాదు తమ్ముడూ, బెంగుళూరులో పిల్లోని దగ్గరికి పోతా. నా లెక్క నాకు తేల్చు" అన్నాడు. మా మధ్య గొడవేమీ లేదు. కానీ గొడవ లేనివాళ్లు కూడా లెక్క దగ్గర విరోధులు కావడం నేను మార్కెట్లో చాలాసార్లు చూశాను.

మార్చి 31 లెక్కను కటాఫ్‌గా పెట్టుకున్నాం. పుస్తకాల ప్రకారం సరుకు 38 లక్షలు, ఉద్దెర బాకీలు 26, నగదు 2, ఆటో ట్రాలీ, ర్యాకులు కలిపి 2, షాపు అడ్వాన్సు 2. మొత్తం 70 లక్షలు. అందులో కంపెనీలకు 14, బ్యాంకు సీసీ అప్పు 15, పన్నులు, చిల్లర బాకీలు 1 లక్ష పోతే మిగిలేది 40 లక్షలు. మా ఇద్దరి పెట్టుబడి ఖాతాలు కలిపితే కూడా సరిగ్గా అంతే: ఆయనది 23, నాది 17. నాది తక్కువగా ఉండడానికి కారణం 2021లో మా అమ్మాయి పెళ్లికి నేను షాపులోంచి తీసిన 6 లక్షలు.

ఈ 40 కాగితం మీది లెక్క. అసలు విలువ ఎంతో తేల్చడానికి నెల పట్టింది.

ముందు సరుకు. షాపు మూసి రెండు ఆదివారాలు లెక్కపెట్టాం. మొదటి ఆదివారం నేనే ఒక తప్పు చేశాను. కంపెనీ రేట్ల కాగితం పట్టుకుని ధరలు వేసుకుంటూ పోయాను. అది జీఎస్టీ కలిపిన రేటు. ఆ పన్ను మేం కొన్నప్పుడే క్రెడిట్ తీసేసుకున్నాం కాబట్టి సరుకు విలువలో మళ్లీ వేయకూడదు. ఆడిటర్ చూసి, "దీన్ని ఇట్లనే ఉంచితే లేని సొమ్ములో ఆయనకు వాటా ఇచ్చినట్టవుతుంది" అని మొత్తం తిరగరాయించాడు.

రేటు ఎలా కట్టాలన్నది ఇద్దరం ముందే ఒప్పుకున్నాం. కదిలే సరుకుకు ఈరోజు కంపెనీ నుంచి తెచ్చుకుంటే ఎంతవుతుందో అంత, కదలని సరుకుకు ఎవడైనా ఎత్తుకుపోతే ఎంతిస్తాడో అంత. రాగి ధర పెరిగినందున కేబుల్ మీద 80 వేలు కలిసొచ్చింది. కదలనివి మాత్రం గుండె ఆగేలా ఉన్నాయి. మా వైపు బావులు ఎండి బోర్లు లోతుకు పోయాక ఓపెన్‌వెల్ మోటార్లు అడిగేవాడే లేడు. అవి పదకొండు పెట్టెలు దుమ్ము పట్టి ఉన్నాయి. షెడ్డు బయట ఎండలో పేర్చిన పీవీసీ పైపులు తెల్లబారిపోయాయి. అన్న ఒక పైపు చివర మీద చెప్పుకాలు పెట్టి నొక్కాడు. టప్‌మని చీలింది. "ఇది పైపు కాదప్పా, ఇంక దీనికి రేటేంది" అని తనే నవ్వి ఆ వరుస మొత్తం కొట్టేశాడు. అలా 3.8 లక్షలు పోయాయి. ఇంకో 2 లక్షల సరుకు అసలు కనిపించలేదు. బిల్లు రాయకుండా పల్లెకు పంపిన జాయింట్లు, స్టార్టర్లు అన్నమాట. అది ఎవరి తప్పు అని తవ్వుకోలేదు, ఇద్దరమూ పంపినవాళ్లమే. మొత్తం మీద సరుకు 38 నుంచి 33కు దిగింది. ట్రాలీ, ర్యాకులు మాత్రం పుస్తకంలో కంటే లక్ష ఎక్కువ పలికాయి.

కష్టమంతా బాకీలది. శనక్కాయలు అమ్మాక, చీనీ కాయలు పోయాక రైతు ఇస్తాడని ఉద్దెర ఇవ్వడం మా వ్యాపారం పద్ధతి. 2023 ఖరీఫ్‌లో వాన ముఖం చాటేసింది, ఆ ఏడాది బాకీలు అలాగే నిలిచిపోయాయి. నాలుగు రాత్రులు ఖాతా పుస్తకం ముందేసుకుని పేరు పేరునా చదివాం. నేను పేరు చదవడం, అన్న "వస్తాది", "రాదు", "చీనీ తోట ఉంది, వస్తాది గానీ ఆలస్యం" అనడం. గార్లదిన్నె వైపు ఖాతాలు నాకు తెలుసు, కూడేరు వైపువి ఆయనకు. కాబట్టి ఎవరికి తెలిసిన ఖాతాకు వారి మాటే.

ఇక్కడ ఒక సంగతి. బాకీకి కోర్టు గడువు మూడేళ్లు. ఆలోగా రైతు బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టినా, కొంత కట్టి దానికి రాత ఇచ్చినా గడువు మళ్లీ మొదలవుతుంది. మా పుస్తకంలో చాలా పేర్ల ఎదురుగా రాతా లేదు, సంతకమూ లేదు. మూడేళ్లు దాటినవి లెక్కలో విలువ లేనివే.

చివరికి 26 లక్షల్లో 17 లక్షలు వసూలయ్యేవని తేలింది. మిగతా 9 లక్షల దగ్గర పేచీ వచ్చింది. అన్న సగం విలువైనా కట్టమంటాడు, నేను సున్నా అంటాను. సగం కడితే రాని డబ్బుకు నేను చెల్లించాలి, సున్నా కడితే వచ్చిన డబ్బు నేనొక్కణ్నే తింటాను. అందుకని వాటికి విలువ కట్టడమే మానేశాం. ఆ పేర్లు వేరే పుస్తకంలోకి ఎక్కించి, ఎప్పుడు ఎంత వసూలైనా తిరిగిన ఖర్చు పోను సగం సగం అని రాసుకున్నాం. మొత్తం పంపకంలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇప్పుడు ఆస్తులు 57 లక్షలు, అప్పులు 30, మిగిలింది 27. మా బావమరిది పక్కన కూర్చుని, "సగం అంటే పదమూడున్నర, ఇచ్చెయ్" అన్నాడు. నేనూ నిజానికి అలాగే అనుకున్నాను. ఆడిటర్ ఒప్పుకోలేదు. సగం సగం అన్నది లాభనష్టాల వాటా, పెట్టుబడి వాటా కాదు. 40 నుంచి 27కు తగ్గిన 13 లక్షల నష్టాన్ని సగం సగం పంచాలి, అంటే తలా ఆరున్నర. ఆయన 23లో ఆరున్నర పోతే పదహారున్నర. నా 17లో పోతే పదిన్నర. రెండూ కలిపితే 27. పదమూడున్నర ఇచ్చి ఉంటే మా అమ్మాయి పెళ్లి ఖర్చులో 3 లక్షలు అన్న నెత్తిన పెట్టినట్టే. ఆయనకు ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదేమో. నాకు మాత్రం తెలిసేది.

తర్వాత గుడ్‌విల్. పదేళ్లు నిలబెట్టిన షాపు పేరుకు 10 లక్షలు కావాలని అన్న అడిగాడు. గత మూడేళ్ల లాభం 9, 8, 4 లక్షలు, సగటు 7. అందులో మా ఇద్దరి జీతం లేదు. నెలకు 20 వేల చొప్పున ఇద్దరికీ వేస్తే ఏడాదికి 4.8 లక్షలు. కూలి పోను షాపు తనంతట తాను సంపాదించింది 2.2 లక్షలే. రెండేళ్ల సంపాదన పేరు విలువగా కట్టాం, అంటే 4.4 లక్షలు. అందులో ఆయన సగం 2.2. అన్న కాసేపు మౌనంగా ఉండి, "మనం ఇంత తక్కువకు పని చేసినామా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మొత్తం 18.7 లక్షలు తేలాయి. ఇంట్లో నగలు పెట్టి తెచ్చిన 6.7 వెంటనే ఇచ్చాను. మిగతా 12 మూడు నెలలకోసారి 3 లక్షల చొప్పున, 9 శాతం వడ్డీతో, నాలుగు చెక్కులు రాసిచ్చాను. వడ్డీ ఎంతో రాసుకోకపోతే చట్టం ప్రకారం బయటికెళ్లినవాడు 6 శాతం వడ్డీ గానీ, తన సొమ్ము వల్ల వచ్చిన లాభంలో వాటా గానీ, ఏది కావాలంటే అది అడగొచ్చు. లాభం లెక్కల గొడవ నాకు వద్దు, అందుకే రేటు రాయించాను.

కాగితాల పనిలో నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. ఇద్దరే భాగస్థులున్న సంస్థలో ఒకరు తప్పుకుంటే ఇక భాగస్వామ్యమే ఉండదు. అది సొంత వ్యాపారం అయిపోతుంది, పాన్, జీఎస్టీ నంబరు కొత్తగా తీసుకోవాలి, కంపెనీల డీలర్‌షిప్‌లూ మార్చుకోవాలి. అందుకని ఒకే డీడ్‌లో ముందు మా ఆవిడను భాగస్థురాలిగా చేర్చి, తర్వాత అన్న రిటైర్ అయినట్టు రాయించాం. పాత నంబర్లు నిలిచాయి. జీఎస్టీ పోర్టల్‌లో పేర్ల మార్పు 15 రోజుల్లోపు పెట్టాలి, ఆడిటరే పెట్టాడు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో సంస్థ రికార్డు మార్పించాం, గెజిట్‌కూ, ఒక తెలుగు దినపత్రికకూ ప్రకటన పంపాం. పత్రిక ప్రకటన దండగ ఖర్చని నేను గొణిగాను. కానీ అది రాకపోతే రేపు నేను చేసే అప్పుకు కూడా ఆయన్ను పట్టుకోవచ్చు. అన్నకు దీని సంగతి నాకంటే ముందే తెలుసు, ప్రకటన వచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బ్యాంకు దగ్గర మాత్రం చాలా నలిగాం. సీసీ లిమిట్‌కు తాకట్టు ఆయన ఇల్లు. డీడ్ మీద సంతకాలయ్యాక కాగితాలు తెచ్చుకుందామని బ్యాంకుకు పోతే, "రిటైర్‌మెంట్ మీ ఇద్దరి మధ్య, గ్యారంటీ మాతో" అన్నారు. నా ఇంటి స్థలం తాకట్టుకు పెట్టి, వకీలు రిపోర్టు, విలువ రిపోర్టు, ఈసీ అన్నీ అయ్యేసరికి మూడు నెలలు పట్టింది. అప్పటిదాకా నేను సీసీలోంచి తీసిన ప్రతి రూపాయికీ ఆయన ఇల్లు పూచీ. ఆ మూడు నెలలూ వదిన ఫోన్ వస్తే నాకు టెన్షన్. బ్యాంకు పని ముందు చేసి డీడ్ తర్వాత రాసుకోవాల్సింది, తొందరలో తారుమారు చేశాం.

జూన్‌లో ఇంకో లెక్క తేలింది. పోయిన ఏడాది టర్నోవర్ మీద పైపుల కంపెనీ 1.6 లక్షల క్రెడిట్ నోట్ పంపింది. అది మార్చి 31కి ముందు చేసిన అమ్మకాల మీద వచ్చింది, లెక్కలో మాత్రం మేం ఇద్దరమూ మరిచిపోయాం. పాత కాలానికి పన్ను నోటీసు వస్తే ఇద్దరం భరించాలని డీడ్‌లో రాసుకున్నాం గానీ, పాత కాలానికి డబ్బు వస్తే ఏం చేయాలో రాసుకోలేదు. 80 వేలకు చెక్కు రాసి పంపాను.

ఆ 9 లక్షల పుస్తకంలో నుంచి ఏడాదిలో 2.4 లక్షలు వచ్చాయి. మొన్న కూడేరు వైపు నుంచి ఒక ముసలి రైతు చీనీ కాయల డబ్బు టవల్లో మూటగట్టుకుని వచ్చి, "పెద్దాయన లేడా?" అని అడిగాడు. బెంగుళూరులో ఉన్నాడన్నాను. ముసలాయన 14 వేలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. రశీదు రాసిచ్చి, అన్నకు ఫోన్ కలిపి, ఆ ఫోన్ ముసలాయన చేతికే ఇచ్చాను.