విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే షాపులో ఐటీసీ లెక్క: నా అనుభవం

ఖమ్మం జిల్లాలో మా బాబాయికి విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఒకే కౌంటరు మీద మూడు రకాల పన్ను నడుస్తుంది. విత్తడానికని అమ్మే విత్తనాల ప్యాకెట్ల మీద జీఎస్టీ లేదు. ఎరువుల మీద 5 శాతం, మామూలు పురుగుమందుల మీద 18 శాతం. షాపు అద్దె, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, కెమెరాల మెయింటెనెన్స్ మాత్రం మూడింటికీ ఉమ్మడి ఖర్చులు, వాటన్నిటి మీదా 18 శాతం పన్ను కడుతున్నాం. కొన్నవాటి మీద కట్టిన పన్నును అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడమే ఐటీసీ, అంటే క్రెడిట్. ఆ ఉమ్మడి పన్నులో మనకు ఎంత క్రెడిట్ వస్తుందన్నదే ఈ లెక్కలో అసలు చిక్కు.

నేను ఈ లెక్కల్లోకి రావడానికి కారణం ASMT-10. రిటర్నుల్లో తేడా కనిపిస్తే అధికారి వివరణ అడుగుతూ పంపే నోటీసు అది. బాబాయి నెలవారీ రిటర్ను GSTR-3B లో 3.1(c) గడిలో ప్రతి నెలా లక్షల్లో పన్ను లేని అమ్మకాలు కనిపిస్తున్నాయి, 4(B)(1) గడిలో మాత్రం ఏడాదంతా సున్నా. పన్ను లేని సరుకు అంత అమ్ముతూ ఒక్క రూపాయి క్రెడిట్ కూడా వెనక్కి తిప్పలేదంటే, ఉమ్మడి ఖర్చుల క్రెడిట్ మొత్తం వాడేసుకున్నారని ఎవరికైనా అర్థమవుతుంది. అంతకుముందు రిటర్నులు వేసినాయన పోర్టల్ చూపించే GSTR-2B జాబితాలో వచ్చిన మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించేవాడు. పాత బకాయి వడ్డీతో సహా DRC-03 అనే చెల్లింపు ఫారంలో కట్టేసి, జూన్ నుంచి లెక్క నేను చేస్తానన్నాను.

మొదట తెలుసుకోవలసింది GSTR-2B గురించి. అందులో "ITC Available" కింద కనిపించిందంతా మనకు చెల్లుతుందనుకుంటారు చాలామంది. మనకు అమ్మినవాళ్లు వేసిన బిల్లుల జాబితా మాత్రమే అది. కారు సర్వీసింగ్ బిల్లు, భోజనాల బిల్లు కూడా అందులో మామూలుగానే కనిపిస్తాయి. ఆ బిల్లు దేనికోసమో పోర్టల్‌కు తెలియదు, షాపువాడికే తెలుసు. అందుకే అంకెల జోలికి వెళ్లకముందు ఒక్కొక్క బిల్లు పట్టుకుని "ఇది దేనికి?" అని అడగాలి. జీఎస్టీ రూల్ 42 చెప్పే పద్ధతి కూడా ఇదే: ముందు విడదీయడం, మిగిలిన ఉమ్మడి భాగానికే మొత్తం అమ్మకాల్లో పన్ను లేనివి ఎంతన్న నిష్పత్తి.

ఆ జూన్‌లో GSTR-2B మొత్తం క్రెడిట్ 56,600 రూపాయలు. రూల్‌లో దీని పేరు T. బాబాయినీ బిల్లులనూ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. ఇంటి సొంత వాడకం బిల్లులు షాపు నంబరు మీద ఏవీ లేవు కాబట్టి T1 సున్నా. విత్తనాల కోసమే వేయించిన ఫ్లెక్సీలు, గోడ రాతల బిల్లు 10,000, దాని మీద పన్ను 1,800. అమ్మే సరుకు మీద పన్ను లేదు కాబట్టి దాని కోసమే పెట్టిన ఖర్చు మీది పన్ను కూడా రాదు. అది T2. విత్తనాల కొనుగోలు బిల్లులు ఎంత పెద్దవైనా వాటి మీద పన్నే లేదు గనుక ఈ లెక్కలోకి రావు.

T3 దగ్గర బాబాయి ఒప్పుకోలేదు. సెక్షన్ 17(5) కింద అసలు క్రెడిటే ఇవ్వని ఖర్చులివి. జూన్‌లో అలాంటివి రెండు: కారు సర్వీసింగ్ మీద పన్ను 1,800, రైతుల మీటింగులో పెట్టించిన భోజనాల మీద 1,000.

"కారులో తిరిగేది ఊళ్ల మీద రైతుల దగ్గరికే కదమ్మా, షికారుకు కాదు కదా," అన్నాడు.

"నిజమే బాబాయ్. కానీ ఈ సెక్షన్ ఆ మాట అడగదు. డ్రైవరుతో కలిపి పదమూడు సీట్లకు మించని బండి అయితే చాలు, దాని సర్వీసింగ్, ఇన్సూరెన్స్ మీద కూడా ఇవ్వదు. బండ్లు అమ్మేవాళ్లు, టాక్సీలు నడిపేవాళ్లు, డ్రైవింగ్ నేర్పేవాళ్లు అయితే వేరు."

"మరి ట్రాలీ ఆటోకో?"

అది మంచి ప్రశ్న. సరుకు మోసే బండి ఈ నిషేధంలో లేదు, రిపేరు మీద పన్ను తీసుకోవచ్చు. అయితే ఆ ఆటో విత్తనాల సంచులూ మోస్తుంది, ఎరువుల బస్తాలూ మోస్తుంది కాబట్టి దాని క్రెడిట్ మొత్తం రాదు, ఉమ్మడి వాటాలోకి వెళ్తుంది. రైతులకు పంచే టవళ్లలాంటి బహుమతులు, గడువు దాటి పారేసిన పురుగుమందుల మీది పన్ను మాత్రం 17(5) లోవే. మందు డబ్బాల మీద తేదీ చూసి గడువుకు ముందే కంపెనీకి తిప్పి పంపడం ఎంత ముఖ్యమో నాకు ఇక్కడే తెలిసింది. పారేసిన రోజు సరుకు డబ్బుతో పాటు 18 శాతం క్రెడిట్ కూడా పోతుంది.

T1, T2, T3 తీసేస్తే మిగిలింది 52,000. ఇది C1. ఇందులో ఎరువులు, మందుల కొనుగోళ్ల మీది పన్ను 43,000. పన్ను వేసి అమ్మే సరుకు కోసమే కొన్నవి కాబట్టి ఇది T4, పూర్తిగా మనదే, దీన్ని ఎవరూ తగ్గించరు. ఇక మిగిలిన 9,000 C2: అద్దె మీద 5,400, సాఫ్ట్‌వేర్ మీద 1,800, కెమెరాల మీద 1,800. నిష్పత్తి పడేది దీని మీద మాత్రమే.

జూన్ అమ్మకాలు ఇలా ఉన్నాయి: విత్తనాలు 9 లక్షలు, ఎరువులు 4 లక్షలు, మందులు 2 లక్షలు. పన్ను కలపకుండా మొత్తం 15 లక్షలు, అది F. పన్ను లేని విత్తనాలు E. ఉమ్మడి క్రెడిట్‌లో వదులుకోవలసిన భాగం D1.

```
D1 = (E ÷ F) × C2
D1 = (9,00,000 ÷ 15,00,000) × 9,000 = 5,400
```

బ్యాంకు డిపాజిట్ మీద వచ్చిన వడ్డీని E లో కలపాలా అని బాబాయి అడిగాడు. మనలాంటి వ్యాపారులు కలపనక్కర్లేదని రూల్ 43 కింది వివరణలోనే ఉంది. కలిపితే నిష్పత్తి అనవసరంగా పెరిగి క్రెడిట్ పోతుంది. ఉమ్మడి ఖర్చుల్లో కొంత సొంత వాడకం కూడా ఉంటే C2 లో 5 శాతం D2 గా తీయాలి, మాకు అది లేదు.

కాబట్టి ఉమ్మడి 9,000 లో మాకు దక్కింది 3,600. T4 తో కలిపితే 46,600. ఆ నెల అమ్మకాల మీద పన్ను ఎరువులకు 20,000, మందులకు 36,000, వెరసి 56,000. కట్టవలసింది 9,400. కొనుగోళ్లు, అమ్మకాలు రాష్ట్రంలోనివే కాబట్టి కేంద్ర పన్ను 4,700, రాష్ట్ర పన్ను 4,700. ఈ రెంటికీ లెక్క విడివిడిగా చేయాలి, ఎందుకంటే కేంద్ర పన్ను క్రెడిట్‌తో రాష్ట్ర పన్ను కట్టడానికి వీల్లేదు. పాత పద్ధతిలో 56,600 మొత్తం వాడేసుంటే పైసా కట్టకుండా, పైగా 600 మిగిలినట్టు కనిపించేది. అలా కనిపించే నెలల వల్లే ASMT-10 వచ్చింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సలహా కూడా విన్నాను. అదే వీధిలోని ఇంకో షాపాయన "అమ్మకాల్లో అరవై శాతం విత్తనాలైతే క్రెడిట్‌లో అరవై శాతం వదిలేస్తే గొడవే ఉండదు" అన్నాడు. అలా చేస్తే 56,600 లో 33,960 పోతుంది. చట్టం వదలమంటున్నది 10,000 మాత్రమే: T2 1,800, T3 2,800, D1 5,400. చట్టానికి భయపడి సొంత సొమ్ము వదులుకుంటున్న షాపులు ఇంకెన్ని ఉన్నాయోనని నాకు నిజంగా బాధ వేసింది. ఎరువుల బస్తా మీద లాభమే అంతంతమాత్రం.

GSTR-3B లో మొత్తం 56,600 ను 4(A)(5) లోనే చూపించాలి, తగ్గించి ఎక్కించకూడదు. ఆ తర్వాత 10,000 ను 4(B)(1) లో వేయాలి. పక్కనే ఉన్న 4(B)(2) మళ్లీ తీసుకోబోయే తాత్కాలిక రివర్సల్స్ కోసం. 17(5) అంకెలు పొరపాటున అందులో పడితే వాటిని తర్వాత వెనక్కి తీసుకుంటామని చెప్పినట్టవుతుంది. 2022 జూలైలో వచ్చిన సర్క్యులర్ 170 తర్వాత ఈ గడుల పద్ధతి స్పష్టమైంది. ఆగస్టులో కొన్న కంప్యూటర్ లాంటి వాటి లెక్క వేరే రూల్ 43 లో ఉంది: దాని మీది పన్ను 10,800 ను అరవై నెలలకు పంచితే నెలకు 180, ఆ 180 మీద ఆ నెల నిష్పత్తి.

నాకు ఎక్కువ ఆలోచన పెట్టించింది మాత్రం సీజన్. ఉమ్మడి ఖర్చు నెలనెలా దాదాపు ఒకటే, నిష్పత్తి మాత్రం వానతో పాటు మారుతుంది. మే నెలలో మొత్తం అమ్మకం 2 లక్షలే, అందులో 1,70,000 పత్తి, మిర్చి విత్తనాలే. నిష్పత్తి 85 శాతం, 9,000 లో 7,650 పోయింది. సెప్టెంబరులో యూరియా, మందులు ముమ్మరంగా పోయి అమ్మకం 20 లక్షలకు చేరింది, విత్తనాలు లక్షే. 5 శాతమే కాబట్టి పోయింది 450. చిన్న అమ్మకం ఉన్న మే నెలకూ పెద్ద అమ్మకం ఉన్న సెప్టెంబరుకూ అద్దె ఒకటే కాబట్టి, విత్తనాల నెలలు మన క్రెడిట్‌ను వాటి బరువుకు మించి తినేస్తాయి. అమ్మకమే లేని నెల వస్తే అంతకుముందు అమ్మకాలున్న నెల నిష్పత్తి వాడాలి.

అందుకే నెలవారీ లెక్క తాత్కాలికం. ఏడాది ముగిశాక మొత్తం అమ్మకాలతో, మొత్తం ఉమ్మడి క్రెడిట్‌తో D1 మళ్లీ కట్టాలని రూల్ 42 లోనే ఉంది. చిన్న షాపులు ఈ మెట్టును వదిలేయడానికి కారణం ఉంది. 2 కోట్ల లోపు టర్నోవరుకు వార్షిక రిటర్ను GSTR-9 మినహాయింపు ఇస్తూ వచ్చారు కాబట్టి ఏడాది లెక్క కూడా అక్కర్లేదనుకుంటారు. ఆ మినహాయింపుకూ ఈ లెక్కకూ సంబంధం లేదు.

బాబాయి షాపు ఏడాది అమ్మకం 1.20 కోట్లు, అందులో విత్తనాలు 36 లక్షలు. అంటే 30 శాతం. ఏడాది ఉమ్మడి క్రెడిట్ 1,08,000. 30 శాతం చొప్పున వదలవలసింది 32,400. నెలనెలా మేం వదిలింది కూడితే 38,700 వచ్చింది. ఎక్కువ వదిలిన 6,300 ను తర్వాతి సెప్టెంబరు నెల రిటర్ను లోపు మళ్లీ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఆ గడువు దాటితే అది పోయినట్టే. ఒకవేళ తక్కువ వదిలి ఉంటే, అదే గడువులో తేడాతో పాటు ఏప్రిల్ 1 నుంచి కట్టే రోజు వరకు ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ కూడా కట్టాల్సి వచ్చేది.

మేం ఆ 6,300 ను జూలై రిటర్నులో తీసుకున్నాం. నెలవారీ నిష్పత్తులు, ఏడాది నిష్పత్తి, తేడా ఒకే కాగితం మీద రాసి బిల్లుల ఫైలు ముందు పెట్టాను. ఇప్పుడు బాబాయి ఏ బిల్లు వచ్చినా దాని మూలన పెన్సిలుతో విత్తనం, మందు, ఉమ్మడి, రాదు అన్న నాలుగు మాటల్లో ఒకటి రాసి పంపుతున్నాడు, నెలాఖరు లెక్క సగం అక్కడే అయిపోతోంది.