జడ బిగువు, కణతల దగ్గర జుట్టు

ఎంవీపీ కాలనీలో మా అక్క కూతురికి రోజూ స్కూలుకి రెండు జడలు, మడిచి రిబ్బన్లు. కణతల దగ్గర జుట్టు పలచబడితే అక్క షాంపూని అనుమానించింది. నేను దగ్గరగా చూశాను. చెవుల ముందు పలచగా ఉంది, కానీ నుదుటి అంచున సన్నటి పొట్టి వెంట్రుకలు వరసగా మిగిలి ఉన్నాయి. జడలోకి అందని వెంట్రుకలవి. లాగుడు వల్ల రాలిన జుట్టుకు ఇదే గుర్తు. జడ వేశాక నొప్పి, కుదుళ్ల దగ్గర చిన్న పొక్కులు అంతకంటే ముందే కనిపిస్తాయి.

స్కూల్లో రెండు జడలు తప్పవు. అందుకే ఇప్పుడు జడ చెవి పైనుంచి కాకుండా మెడ దగ్గర మొదలుపెడుతున్నాం. మొదటి రెండు మూడు అల్లికలు వదులుగా వేసి, కిందికి వచ్చాక కాస్త బిగిస్తాం. జడ మడిచి పైకి కడితే ఆ బరువు కూడా కుదుళ్లనే లాగుతుంది, కాబట్టి రిబ్బను కిందే కడుతున్నాం. పాపిడి అప్పుడప్పుడు జరుపుతాం. వైజాగ్ ఉక్కకి చెమట పట్టిందని తడి జుట్టునే బిగించి కట్టేయడం మానేశాం. ఇంటికి రాగానే జడలు విప్పేస్తాం.

జుట్టు నెలకు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కాబట్టి తేడా తెలియడానికి నెలలు పడుతుంది. చర్మం నున్నగా మెరుస్తూ కుదుళ్లే కనిపించకపోతే మాత్రం చర్మ డాక్టరుకి చూపించాలి. ఆ దశలో జుట్టు తిరిగి రావడం కష్టం.