రెజ్యూమె మార్కులు పనితీరును ముందే చెప్పగలవా: మా ఆఫీసులో పరీక్షించి చూసిన నా అనుభవం

హైదరాబాద్‌లోని ఒక ఐటీ సేవల సంస్థలో, హెచ్‌ఆర్ విభాగంలో నేను పనిచేస్తున్నాను. సపోర్ట్ ఇంజనీర్ ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమెలకు మేము వందకు మార్కులు వేస్తాము. చదువు, అనుభవం, సర్టిఫికేషన్లు, గతంలో వాడిన టూల్స్, ఒక్కొక్కదానికి ఇన్ని మార్కులని లెక్క ఉంటుంది. ఇటీవలి దాకా అరవై దాటినవారినే ఇంటర్వ్యూకు పిలిచేవాళ్లము. ఈ మార్కులకూ, చేరిన తరువాతి పనితీరుకూ నిజంగా సంబంధం ఉందో లేదో తేల్చమని ఈ ఏడాది నాకు అప్పగించారు. ఆ పని గత వారమే ముగిసింది.

సమాచారం సేకరించడం కష్టం కాలేదు. ఈ మార్కుల పద్ధతిని మాకు అమ్మిన కన్సల్టెన్సీ 2019, 2020లలో చేరినవారి వివరాలను చూసే దానిని తయారుచేసింది కనుక, ఆ రెండేళ్ల వారిని పక్కన పెట్టాను. ఎవరిని చూసి కొలబద్ద తయారుచేశారో వారి మీదే దానిని పరీక్షిస్తే అది సరిగ్గానే కనబడుతుంది. 2021, 2022లలో చేరినవారు 112 మంది. వారిలో ఏడాది అప్రైజల్ దాకా ఉన్నవారు 84 మంది. అప్పట్లో వారు పంపిన రెజ్యూమెలకు అప్పుడు వేసిన మార్కులనే తీసుకున్నాను. ఇప్పటి రెజ్యూమె తెప్పించి మళ్లీ మార్కులు వేస్తే, మా దగ్గర నేర్చుకున్నవి కూడా అందులో చేరిపోతాయి. కాబట్టి ఈ పని చేయబోయేవారు ఆ తప్పు మాత్రం చేయవద్దు.

మార్కులకూ అప్రైజల్ రేటింగుకూ మధ్య సహసంబంధ గుణకం, అంటే సున్నా అయితే సంబంధం లేదని, ఒకటి అయితే పూర్తిగా ఉందని చెప్పే కొలత, 0.41 వచ్చింది. ఉద్యోగుల ఎంపికలో ఇది చాలా మంచి సంఖ్య. ఈ రంగంలో 2022లో ప్రచురితమైన సాకెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు పాత అధ్యయనాలపై చేసిన పునఃపరిశీలనలో, ముందుగా నిర్ణయించిన ప్రశ్నలతో చేసే ఇంటర్వ్యూకు వచ్చిన విలువ 0.42; అన్ని పద్ధతుల్లోనూ అదే మొదటి స్థానంలో నిలిచింది. ఒక కాగితం చూసి వేసిన మార్కులు దాని సరసన నిలబడ్డాయంటే నేను అక్కడే అనుమానించవలసింది. అనుమానించలేదు. చక్కని గ్రాఫ్ గీసి, పద్ధతి పనిచేస్తోందని రాసి, మేనేజర్ల సమావేశంలో చూపించాను.

ఆపరేషన్స్ చూసే పెద్దాయన ఒక్కటే ప్రశ్న అడిగారు. "రేటింగ్ ఇచ్చే టీమ్ లీడ్‌కు ఈ మార్కులు ముందే తెలుసా అమ్మా?" తెలియవన్నాను. ఆయన మాట్లాడకుండా ఒక జాయినింగ్ ఫైలు తెప్పించి బల్ల మీద పెట్టారు. అట్ట తెరవగానే మొదటి కాగితం మీద, పేరు పక్కనే, ఎర్ర సిరాతో 81 అని రాసి గుండ్రంగా చుట్టి ఉంది. మా విభాగం వారి చేతిరాతే అది. ఆ ఫైలు ఉద్యోగి చేరిన రోజునే టీమ్ లీడ్ చేతికి వెళ్తుంది. పన్నెండు మంది ముందు నాకు నోట మాట రాలేదు. ఆ రోజు నేను పడిన సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

ఆ ప్రశ్న అర్థం ఇది. 81 మార్కులతో వచ్చిన కుర్రవాడిని లీడ్ మొదటి రోజు నుంచే చురుకైనవాడిగా చూస్తాడు, మంచి పని అప్పగిస్తాడు, పొరపాటు చేసినా ఓర్చుకుంటాడు, ఏడాది చివర మంచి రేటింగ్ ఇస్తాడు. అప్పుడు నేను కొలిచింది పనితీరును కాదు, మా మార్కులు లీడ్ మనసు గుండా తిరిగి వచ్చి రేటింగుగా మారడాన్ని. ఈ రెండింటినీ వేరు చేయడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

మొదటి ఆధారం మా విశాఖపట్నం శాఖలో దొరికింది. అక్కడివారి ఫైళ్లు కూడా హైదరాబాద్‌లోనే ఉంటాయి కనుక అక్కడి లీడ్లు ఆ కాగితం చూడలేదు. హైదరాబాద్‌లోని 56 మందిలో గుణకం 0.50, విశాఖలోని 28 మందిలో 0.06. అయితే 28 మందితో ఏ మాటా గట్టిగా చెప్పలేము. అందుకని లీడ్ అభిప్రాయం కలవని కొలత కోసం వెతికి, పరిష్కరించామని మూసిన ఫిర్యాదుల్లో, అంటే టికెట్లలో, ఎన్నింటిని కస్టమర్లు మళ్లీ తెరిపించలేదో తీసుకున్నాను. నైట్ షిఫ్ట్‌కు వచ్చే టికెట్లూ పగటి షిఫ్ట్‌కు వచ్చేవీ ఒకటి కావు. కాబట్టి ప్రతి ఒక్కరినీ అదే టీమ్, అదే షిఫ్ట్ సగటుతో పోల్చాను. అలా చూస్తే 84 మందికీ కలిపి గుణకం 0.09కి పడిపోయింది. హైదరాబాద్ వారిని విడిగా చూసినా దాదాపు అంతే. అంటే అవే మార్కులు అదే మనుషుల రేటింగును చక్కగా చెప్పగలిగాయి, వారి టికెట్లను చెప్పలేకపోయాయి. నన్ను ఒప్పించింది ఈ తేడాయే.

అయినా మార్కులు పనికిరావని తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. 84 మందిలో 0.09 వచ్చిందంటే, అసలు విలువ −0.13 నుంచి 0.30 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. దీనికి తోడు, అరవై లోపు వారిని మేము దాదాపుగా చేర్చుకోలేదు. పొడవైనవారిని మాత్రమే జట్టులోకి తీసుకుని, ఎత్తుకూ ఆటకూ సంబంధం లేదనడం లాంటిదే ఇది. దరఖాస్తుదారులందరి మార్కుల విస్తృతి, చేరినవారి మార్కుల విస్తృతికి రెండింతలు ఉంది. దానికి తగిన సవరణ సూత్రం వేస్తే 0.09 కాస్తా 0.18 అవుతుంది, కానీ అనిశ్చితి కూడా అదే లెక్కన పెరిగి −0.25 నుంచి 0.53 దాకా సాగుతుంది. ఆ 0.18ని మాత్రమే పట్టుకుని గెలిచామని చెప్పడం నిజాయితీ కాదు.

మధ్యలో మానేసిన 28 మందిని కూడా వదలలేదు. వారిలో 25 మందికి మొదటి మూడు నెలల టికెట్లు దొరికాయి. అందరికీ అదే మూడు నెలల కాలాన్ని తీసుకుని 109 మందితో చూస్తే 0.07 వచ్చింది. మానేయడాన్నే వైఫల్యంగా లెక్కించకూడదు. ఎక్కువ మార్కులవారిలో పలువురు మంచి జీతానికి వెళ్లిపోయినవారే.

కన్సల్టెన్సీ వారి మీద నాకు కోపం ఉంది, దాచను. వారి బ్రోషరులో "మీ ఉత్తమ ఉద్యోగుల సగటు 74" అని గొప్పగా రాశారు. మా టికెట్ల లెక్కలో కింది వరుసలో ఉన్నవారి సగటు 73 అని నేను చూపిస్తే, వారి ప్రతినిధి ఫోను తీయడం మానేశారు. ఏ పద్ధతి అమ్మేవారు వచ్చినా, రాణించినవారి సగటుతో పాటు రాణించనివారి సగటు కూడా అడగండి.

ఏ ఆధారం ఉంటే ఒప్పుకుంటామో ఇప్పుడు ముందే కాగితం మీద రాసుకున్నాము. నిజమైన సంబంధం 0.20 ఉంటే దానిని పట్టుకోవడానికి సుమారు 194 మంది కావాలి. మార్కులు వేసి కవరులో పెట్టి సీలు చేస్తాము. ఇంటర్వ్యూ చేసేవారికీ లీడ్లకూ చూపించము. నలభై నుంచి అరవై మధ్య ఉన్నవారిని కూడా ఇంటర్వ్యూకు పిలుస్తాము. కొలత ఒక్కటే, మొదటి ఏడాది టికెట్లు. ఫలితం నచ్చలేదని కొలతను మార్చడానికి వీల్లేదు. గుణకం అనిశ్చితి పరిధి పూర్తిగా సున్నాకు పైన ఉంటేనే మార్కులను కొనసాగిస్తాము. ఇప్పటికి 37 కవర్లు నా బీరువాలో ఉన్నాయి, తాళంచెవి మాత్రం ఆపరేషన్స్ పెద్దాయన దగ్గర ఉంది.